రెగ్యులర్ ప్లాన్‌లో ఆరేళ్ళ సిప్: ఇప్పుడు డైరెక్ట్‌కు మారడం లాభమేనా?

ప్రశ్న: నేను కర్నూలులో ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. వయసు 47 ఏళ్ళు. 2020 జనవరి నుంచి ఒక ఈక్విటీ ఫండ్‌లో నెలకు 10,000 రూపాయల సిప్ కడుతున్నాను. మా జీతం పడే బ్యాంకులో ఒక ఉద్యోగి దీన్ని పెట్టించారు. 7.20 లక్షలు కట్టాను, ఇప్పుడు విలువ 10.80 లక్షలుగా చూపిస్తోంది. ఇది పదవీ విరమణ కోసం దాచుకుంటున్న డబ్బు, మధ్యలో తీసే అవసరం లేదు. మా అబ్బాయి స్టేట్‌మెంట్ చూసి, ఇది రెగ్యులర్ ప్లాన్ అని, ఏటా కమీషన్ పోతోందని, డైరెక్ట్‌కు మారమని పట్టుబడుతున్నాడు. బ్యాంకులో అడిగితే "మీరు మాకు ఒక్క రూపాయి కూడా ఇవ్వడం లేదు మేడమ్, మారితే యూనిట్లు తగ్గుతాయి, పైగా ట్యాక్స్ పడుతుంది" అన్నారు. ఎవరి మాట నిజం? నేనేం చేయాలి?
— ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి చెప్పినది నిజం. బ్యాంకువారు చెప్పిన మూడు మాటల్లో పన్ను మాట ఒక్కటే లెక్కలోకి తీసుకోదగినది, దానికీ దారి ఉంది. కొత్త వాయిదాలను వెంటనే, మధ్యవర్తి కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్‌లోకి మార్చండి. పాత యూనిట్లను మాత్రం ఒకేసారి కాకుండా, ఆర్థిక సంవత్సరాల వారీగా విడదీసి మార్చుకోండి. ఎందుకు, ఎలా అన్నది మీ అంకెలతోనే వివరిస్తాను.

ముందుగా "ఒక్క రూపాయి కూడా ఇవ్వడం లేదు" అన్న మాట సంగతి చూద్దాం. మీరు చేతితో ఇవ్వడం లేదన్నది నిజమే. 2009 ఆగస్టుకు ముందు ఫండ్‌లో డబ్బు వేసేటప్పుడే ఎంట్రీ లోడ్ పేరుతో కొంత మినహాయించేవారు, అది స్టేట్‌మెంట్‌లో కనిపించేది. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత 2018 అక్టోబరులో, పంపిణీదారులకు ముందస్తుగా పెద్ద మొత్తం ఇచ్చే పద్ధతిని కూడా ఆపి, కమీషన్‌ను మదుపు కొనసాగినంత కాలం ఏటా ఇచ్చే ట్రెయిల్ పద్ధతిలోనే, అదీ పథకం ఖర్చుల్లోంచే చెల్లించాలని ఆదేశించింది. ఇప్పుడు మీ ఫండ్ నుంచి బ్యాంకుకు వెళ్ళేది ఈ ట్రెయిల్ కమీషనే. ఫండ్ సంస్థ తన నిర్వహణ రుసుము, ఇతర ఖర్చులు, ఈ కమీషన్ అన్నీ కలిపి ఏడాదికి ఇంత శాతమని లెక్కకట్టి, అందులో 365వ వంతును ప్రతిరోజూ పథకం ఆస్తిలోంచి తీసేసి, మిగిలిన విలువను యూనిట్లతో భాగించి ఆ రోజు ఎన్‌ఏవీని ప్రకటిస్తుంది. అంటే మీ కంటికి కనిపించే ఎన్‌ఏవీ ఖర్చులన్నీ పోయాక మిగిలినది. మీ కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి అమ్మిన రైతు చేతికి తక్‌పట్టీ వస్తుంది, అందులో ధర ఎంత, కోతలు ఎంత అన్నది విడివిడిగా కనిపిస్తుంది కాబట్టి అతను నిలదీసి అడగగలడు. ఫండ్ మదుపరి నెలవారీ స్టేట్‌మెంట్‌లో అలాంటి వరుస ఉండదు, కోత పోగా మిగిలిన ధర ఒక్కటే ఉంటుంది.

మీ విషయంలో ఆ కోత ఎంతో చూద్దాం. ఈక్విటీ పథకాల్లో రెగ్యులర్, డైరెక్ట్ ప్లాన్ల ఖర్చుల మధ్య తేడా చాలావరకు అర శాతం నుంచి ఒక శాతం వరకు, కొన్ని చిన్న పథకాల్లో అంతకన్నా ఎక్కువగా ఉంటుంది. ఈ తేడాలో ప్రధాన భాగం కమీషనే. మీ ఫండ్ పేరు రాయలేదు కాబట్టి లెక్క కోసం ఒక శాతంగా అనుకుందాం. 10.80 లక్షల మీద ఒక శాతమంటే ఏడాదికి 10,800 రూపాయలు, నెలకు 900 రూపాయలు, రోజుకు దాదాపు 30 రూపాయలు. ఎన్‌ఏవీ ఒక్క రోజులోనే అర శాతమో శాతమో పైకీ కిందికీ ఊగుతుంది, అంటే మీ డబ్బు విలువ అయిదు వేలో పది వేలో మారుతుంది. అంత ఊగిసలాటలో రోజుకు 30 రూపాయల కోత ఎవరి కంటికీ ఆనదు. ఆరేళ్ళుగా మీకు అనుమానం రాకపోవడం మీ అజాగ్రత్త కాదు, ఈ కోత ఉండే తీరే అలాంటిది.

నా దృష్టిలో మీరు అన్నిటికన్నా గట్టిగా గుర్తుపెట్టుకోవలసింది ఇది: ట్రెయిల్ కమీషన్ మీరు కట్టే వాయిదా మీద కాదు, పోగుపడిన మొత్తం మీద పడుతుంది. 2020 జనవరిలో మీరు కట్టిన మొదటి పదివేల మీద ఆ ఏడాది కమీషన్ పోయింది, 2021లో పోయింది, ప్రతి ఏడాదీ పోతూనే ఉంది, అదీ పెరిగిన విలువ మీద పోతోంది. మొదట్లో ఏడాదికి వందల్లో ఉన్న మొత్తం ఇప్పుడు పది వేలు దాటింది. ఇదే సిప్ ఇలాగే సాగి ఖర్చులు పోను ఏటా 10 శాతం చొప్పున పెరిగితే, మీరు 62వ ఏట పదవీ విరమణ చేసే నాటికి మీ నిధి దాదాపు 85 లక్షలు అవుతుంది, ఆ చివరి ఏడాది కమీషన్ 85,000 దాకా ఉంటుంది. ఆ ఏడాది బ్యాంకు మీకు చేసే సేవ, 2020లో ఫారం నింపిపెట్టిన దానికన్నా ఎక్కువేమీ కాదు. శాతం మారకపోయినా రూపాయలు మాత్రం మీ పొదుపుతోపాటు పెరుగుతూ పోతాయి.

ఇప్పుడు 15 ఏళ్ళ లెక్క. పథకం పెట్టుబడులు రెండు ప్లాన్లకూ ఒకటే కాబట్టి, రెగ్యులర్‌లో 10 శాతం వస్తే డైరెక్ట్‌లో 11 శాతం వస్తుందనుకుందాం. ఇవి నేను లెక్క కోసం తీసుకున్న రేట్లే తప్ప మార్కెట్ ఇచ్చే హామీ కాదు. రాబడి ఎక్కువైనా తక్కువైనా రెండు రేట్ల మధ్య అంతరం మాత్రం ఇలాగే నిలుస్తుంది. మీ దగ్గర ఉన్న 10.80 లక్షలు 15 ఏళ్ళకు రెగ్యులర్‌లో 45.1 లక్షలు, డైరెక్ట్‌లో 51.7 లక్షలు అవుతాయి. ఇక ముందు కట్టబోయే నెలకు 10,000 రెగ్యులర్‌లో 39.8 లక్షలు, డైరెక్ట్‌లో 43.3 లక్షలు అవుతాయి. రెండూ కలిపితే తేడా సుమారు 10 లక్షలు. మీరు ఇప్పటిదాకా జీతంలోంచి తీసి కట్టిన 7.20 లక్షల కన్నా ఇది ఎక్కువ. ఆ పది లక్షల్లో కొత్త వాయిదాల వల్ల వచ్చేది మూడున్నర లక్షలే, మిగిలిన ఆరున్నర లక్షలు ఇప్పటికే పోగుపడిన పాత డబ్బు వల్ల వచ్చేవి. చాలామంది కొత్త సిప్‌ను డైరెక్ట్‌కు మార్చి, పాత యూనిట్లను పన్ను భయంతో అలాగే వదిలేసి, పని అయిపోయిందనుకుంటారు. మీ లెక్కలోనైతే, అలా చేస్తే మూడింట రెండు వంతుల నష్టం అలాగే మిగిలిపోతుంది.

"యూనిట్లు తగ్గుతాయి" అన్న మాటలో నిజం ఉంది గానీ దానివల్ల మీకు నష్టం ఏమీ లేదు. సెబీ ఆదేశంతో 2013 జనవరి 1 నుంచి ప్రతి పథకానికీ డైరెక్ట్ ప్లాన్ తప్పనిసరి అయింది. అప్పటికే ఉన్న పథకాల్లో ఒకే ఫండ్ మేనేజరు, అవే షేర్లు, అదే పథకం, కానీ ఎన్‌ఏవీలు రెండు. డైరెక్ట్‌లో కోత తక్కువ కాబట్టి దాని ఎన్‌ఏవీ ఏటా కాస్త కాస్తగా ముందుకు జరుగుతూ వచ్చింది. ఉదాహరణకు రెగ్యులర్ ఎన్‌ఏవీ 100, డైరెక్ట్ ఎన్‌ఏవీ 108 అనుకోండి. లక్ష రూపాయలకు మొదటిదాంట్లో 1,000 యూనిట్లు, రెండోదాంట్లో దాదాపు 926 యూనిట్లు వస్తాయి. ఆ రోజు రెండింటి విలువా లక్షే. ఏడాది తర్వాత రెగ్యులర్ 110కి చేరితే మీ చేతిలో 1,10,000 ఉంటుంది, డైరెక్ట్ 119.88కి చేరితే 926 యూనిట్ల విలువ సుమారు 1,11,000 ఉంటుంది. 74 యూనిట్లు తక్కువగా ఉన్నా వెయ్యి రూపాయలు ఎక్కువ వచ్చాయి. తక్కువ ఎన్‌ఏవీ ఉన్న ప్లాన్ చౌక అనే మాటను మన రాయలసీమ పట్టణాల్లో బ్యాంకు కౌంటర్ల దగ్గర, బీమా ఏజెంట్ల నోట తరచుగా వింటూ ఉంటాను. అలా చెప్పేవారు తెలిసే చెబుతున్నారో తెలియక చెబుతున్నారో గానీ, విన్నవారికి జరిగే నష్టం మాత్రం ఒకటే.

ఇక పన్ను. రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారడం ఒకే పథకంలో జరిగినా, ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో అది అమ్మి మళ్ళీ కొనడమే. ప్రస్తుత నిబంధనల ప్రకారం ఈక్విటీ ఫండ్ యూనిట్లు ఏడాది దాటాక అమ్మితే వచ్చే లాభంలో, ఒక ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం, దాని మీద సెస్సు. ఏడాది లోపల అమ్మితే లాభం మీద 20 శాతం. అమ్మకంలో ముందు కొన్న యూనిట్లే ముందు పోయినట్టు లెక్క కడతారు.

మీ 72 వాయిదాల్లో మొదటి 60, అంటే 2020 నుంచి 2024 దాకా కట్టినవి, ఏడాది దాటినవి. మీరిచ్చిన అంకెలను బట్టి వాటి విలువ సుమారు 9.5 లక్షలు, లాభం 3.5 లక్షలు. చివరి 12 వాయిదాల విలువ 1.3 లక్షల వరకు ఉండాలి. ఈ 60 వాయిదాలనూ ఒకేసారి మార్చేస్తే, 1.25 లక్షలు పోను 2.25 లక్షల మీద 12.5 శాతం చొప్పున 28,125, సెస్సుతో కలిపి 29,250 రూపాయలు పన్ను కట్టాలి. ఒక్కసారిగా చూస్తే ఇది పెద్ద మొత్తమే. అయితే 9.5 లక్షల మీద ఏటా పోయే 9,500తో పోలిస్తే, మూడేళ్ళ కోతకు కాస్త ఎక్కువ. పైగా ఈ పన్ను పూర్తిగా అదనపు ఖర్చు కాదు, ఎప్పటికైనా కట్టవలసినదాన్ని ముందుగా కడుతున్నారు, మార్చిన యూనిట్లకు కొన్న ధర కూడా ఆ మేరకు పెరుగుతుంది కాబట్టి రేపటి లాభం, దాని మీద పన్ను తగ్గుతాయి. మీకు 15 ఏళ్ళ సమయం ఉంది కాబట్టి ఒకేసారి మార్చినా చివరికి మీకే లాభం.

కానీ అంత పన్ను కూడా కట్టనక్కరలేదు. ఏటా దొరికే ఆ 1.25 లక్షల మినహాయింపు మార్చి 31 దాటితే మురిగిపోతుంది, వచ్చే ఏడాదికి చేరదు. గడిచిన ఏళ్ళలో మీరు దాన్ని వాడుకోలేదు. అందుకని ఇలా చేయండి. ఈ మార్చి 31 లోపల 2020లో కట్టిన 12 వాయిదాల యూనిట్లను మార్చండి. వాటి విలువ 2.4 లక్షల దరిదాపుల్లో, లాభం 1.25 లక్షలకు కాస్త తక్కువగా ఉంటుంది, పన్ను సున్నా. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవగానే 2021 వాయిదాలన్నీ, 2022లో సగం దాకా, లాభం పరిమితి దాటని మేరకు మార్చండి. మిగిలినవన్నీ ఆపై ఏప్రిల్‌లో మార్చండి, అప్పటికి 2025 వాయిదాలు కూడా ఏడాది దాటి ఉంటాయి. ఈలోగా మార్కెట్ పెరిగి చివరి భాగం లాభం 1.25 లక్షలు దాటితే, దాటిన మేరకే పన్ను పడుతుంది, అదీ ఇష్టం లేకపోతే ఆ కాస్తను మరో ఏప్రిల్‌కు ఆపవచ్చు. ఇలా ఆగినందుకు మీకయ్యే ఖర్చు, చివరి భాగమైన అయిదు లక్షల పైచిలుకు మీద ఇంకో ఏడాది పోయే ఒక శాతం, అంటే అయిదు వేల చిల్లర. 29,250 పన్నుకు బదులు ఇది మేలు. మధ్యలో మార్కెట్ బాగా పడితే ఇంకా తొందరగా ముగించవచ్చు, ఎందుకంటే లాభం కరిగినప్పుడు అదే 1.25 లక్షల పరిమితిలో ఎక్కువ యూనిట్లు మారతాయి. రెండు ప్లాన్లూ ఒకే పథకానివి కాబట్టి పడిన రోజు మారినా మీరు మార్కెట్ బయటికి వెళ్ళినట్టు కాదు.

ఇందులో మూడు చిక్కులున్నాయి. ఆ 1.25 లక్షలు మీ పేరున ఉన్న అన్ని ఈక్విటీ లాభాలకూ కలిపి ఒకటే, ఈ ఏడాది షేర్లు గానీ వేరే ఫండ్లు గానీ అమ్మి ఉంటే ముందు ఆ లాభాన్ని తీసివేసి లెక్క కట్టండి. రెండవది, చాలా ఈక్విటీ పథకాల్లో ఏడాది లోపు యూనిట్లు తీస్తే ఒక శాతం వరకు ఎగ్జిట్ లోడ్ ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ ద్వారా కొన్న యూనిట్లను డైరెక్ట్‌కు మార్చినా అది సాధారణంగా వర్తిస్తుంది. 2025 వాయిదాల జోలికి ఇప్పుడే వెళ్ళవద్దనడానికి ఇదీ ఒక కారణం. మూడవది, మారిన యూనిట్లకు ఏడాది గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్క. మీకు మధ్యలో తీసే అవసరం లేదని రాశారు కాబట్టి సరిపోయింది, ఆ డబ్బుతో ఏడాదిలోపు పిల్లల ఫీజు కట్టవలసినవారైతే మాత్రం మార్చకుండా ఉంచి, అవసరానికి అందులోంచే తీసుకోవడం మంచిది.

నేను ఇక్కడ చూపినవి మీ మొత్తాల నుంచి వేసిన అంచనాలు. అసలు అంకెల కోసం, ఫండ్ల ఖాతాలు చూసే రిజిస్ట్రార్లైన క్యామ్స్ లేదా కేఫిన్‌టెక్ వెబ్‌సైట్‌లో మీ పాన్, ఈమెయిల్ ఇచ్చి క్యాపిటల్ గెయిన్స్ స్టేట్‌మెంట్, లావాదేవీలన్నీ ఉన్న పూర్తి స్టేట్‌మెంట్ తెప్పించుకోండి. ప్రతి వాయిదాకు వచ్చిన యూనిట్లు, కొన్న ఎన్‌ఏవీ అందులో ఉంటాయి. 2020 డిసెంబరు వాయిదా దాకా యూనిట్లు కూడితే ఎన్ని మార్చాలో తెలుస్తుంది. మార్పిడి ఫారంలో రూపాయలు కాకుండా యూనిట్ల సంఖ్యే రాయండి, లెక్క తప్పకుండా ఉంటుంది.

బ్యాంకుకు నిజంగా ఎంత వెళ్ళిందో కూడా మీరు చూడవచ్చు. మార్చి, సెప్టెంబరు నెలలతో ముగిసే అర్ధ సంవత్సరాలకు మీ ఈమెయిల్‌కు వచ్చే ఏకీకృత ఖాతా స్టేట్‌మెంట్‌లో, ఒక్కో పథకానికి సంబంధించి డిస్ట్రిబ్యూటర్‌కు చెల్లించిన కమీషన్‌ను రూపాయల్లో, పథకం సగటు ఖర్చుల శాతాన్ని విడిగా చూపాలని సెబీ 2016లో నిర్దేశించింది. ఆ స్టేట్‌మెంట్ చాలా పేజీలుంటుంది, ఈ వరుస చిన్న అక్షరాల్లో ఉంటుంది, చాలామంది మొదటి పేజీలోని మొత్తం విలువ చూసి మూసేస్తారు. మీరు మాత్రం ఆ వరుస వెతికి, ఆరు నెలల అంకెను రెట్టింపు చేసి, నిధి విలువతో పోల్చండి. నేను అనుకున్న ఒక శాతానికి బదులు మీ ఫండ్‌లో అసలు శాతం దాదాపుగా ఎంతో తేలుతుంది. అది 0.6 అయితే నా పది లక్షల అంచనా ఆరు లక్షల దగ్గరికి తగ్గుతుంది, 1.2 అయితే పెరుగుతుంది.

బ్యాంకు పక్షాన చెప్పవలసిన మాట కూడా చెబుతాను, ఎందుకంటే రెగ్యులర్ ప్లాన్ అందరికీ చెడ్డదని నేననుకోను. మీరు మొదలుపెట్టిన మూడో నెలలోనే, 2020 మార్చిలో, కోవిడ్ భయంతో మార్కెట్ కుప్పకూలింది. అప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "సిప్ ఆపకండి" అని ధైర్యం చెప్పారా? నామినీ పేరు సరిగా ఉందో లేదో చూశారా? ఏడాదికోసారి కూర్చోబెట్టి ఈ ఫండ్ ఇంకా బాగుందా అని పరిశీలించారా? ఇవన్నీ చేసే డిస్ట్రిబ్యూటర్లు కర్నూలులోనూ, కడప, అనంతపురాల్లోనూ ఉన్నారు. కుటుంబ పెద్ద చనిపోయినప్పుడు యూనిట్లు భార్య పేరు మీదకు మార్పించేదాకా దగ్గరుండి తిరిగేవారిని నేనెరుగుదును. అలాంటివారికి ఏడాదికి 10,800 ఇవ్వడం అన్యాయం కాదు, అంతటి సహాయం అవసరమైనవారికి అది తగిన రుసుమే. మీ ఉత్తరంలో మాత్రం అలాంటి సేవ గురించి ఒక్క మాటా లేదు. బ్యాంకుల్లో ఉద్యోగులు బదిలీ అవుతుంటారు, మీకు సిప్ పెట్టించిన వ్యక్తి వెళ్ళిపోయినా కమీషన్ మాత్రం బ్యాంకు కోడ్ మీద ఆగకుండా జమ అవుతూనే ఉంటుంది.

సలహా కావాలి గానీ కమీషన్ వద్దు అనుకుంటే, సెబీ వద్ద నమోదైన పెట్టుబడి సలహాదారు ఉంటారు. సలహా తీసుకునే మీ దగ్గర వారు ఫీజు తీసుకుంటారు, అదే మీ మదుపు మీద ఫండ్ కంపెనీ నుంచి కమీషన్ తీసుకోకూడదు. ఎంత ఇస్తున్నారో మీకు ముందే తెలుస్తుంది, పొదుపు పెరిగిందని నిర్ణీత ఫీజు దానంతట అది పెరగదు. వారి నమోదు సంఖ్యను సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవడం మరచిపోవద్దు, సలహాదారుల పేరుతో తిరిగే నకిలీలు తక్కువేమీ కాదు.

మార్చే పని ఇలా సాగుతుంది. ఫండ్ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో గానీ, క్యామ్స్, కేఫిన్‌టెక్ కలిసి నడిపే ఎంఎఫ్ సెంట్రల్‌లో గానీ మీ పాన్, ఫోన్ నంబరుతో లాగిన్ అయితే మీ పాత ఫోలియో, అంటే ఫండ్ ఖాతా కనిపిస్తుంది. ముందు ఇప్పుడున్న సిప్‌ను రద్దు చేసి, అదే పథకం డైరెక్ట్ ప్లాన్‌లో కొత్త సిప్ నమోదు చేయండి. బ్యాంకు మ్యాండేట్ ఆమోదానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ఒక నెల వాయిదా తప్పితే కంగారుపడకుండా ఆ పదివేలు విడిగా వేసేయండి. తర్వాత స్విచ్ ఎంచుకొని, రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు, లెక్కకట్టిన యూనిట్ల సంఖ్యతో అభ్యర్థన పెట్టండి. గ్రోత్‌లో ఉంటే గ్రోత్‌లోకే మార్చండి. ఆన్‌లైన్ చేతకాకపోతే ఫండ్ సంస్థ లేదా రిజిస్ట్రార్ కార్యాలయంలో కాగితం మీద ఇవ్వవచ్చు. అక్కడ ఒక జాగ్రత్త: ఫారం పైభాగంలో డిస్ట్రిబ్యూటర్ కోడ్ గడి ఉంటుంది. ఆ గడిలో ఎవరిదైనా కోడ్ ఉండి, ప్లాన్ పేరు దగ్గర మీరు ఏమీ రాయకపోతే అది రెగ్యులర్‌గా నమోదవుతుంది. కాబట్టి కోడ్ గడిలో DIRECT అని స్పష్టంగా రాసి, పథకం పేరు పక్కన Direct Plan - Growth అని రాసి సంతకం చేయండి. బ్యాంకు కోడ్ ముద్ర ఉన్న ఫారాన్ని బ్యాంకులో తీసుకుని, మళ్ళీ బ్యాంకు చేతికే ఇవ్వడం మాత్రం వద్దు.

ఇకపై ఫోలియో వివరాలు గుర్తుచేసే మధ్యవర్తి ఉండరు కాబట్టి, ఫోలియో నంబరు, నామినీ, ఈమెయిల్, లాగిన్ వివరాలు ఎక్కడున్నాయో మీ అబ్బాయికీ మీ ఇంట్లో ఇంకొకరికీ తెలిసి ఉండాలి. రిటర్నులో ఈ లాభాలను చూపాలి, పన్ను సున్నా అయినా సరే. మీరు ఉపాధ్యాయులుగా ఐటీఆర్-1 వేస్తుంటే, ఈక్విటీ దీర్ఘకాలిక లాభం 1.25 లక్షలు దాటనంత వరకు, ముందటేడాది నష్టాలు తెచ్చుకునేది లేనంత వరకు, 2025-26 మదింపు సంవత్సరం నుంచి అదే ఫారంలో చూపే వీలు వచ్చింది. దాటితే ఫారం మారుతుంది, విడతలుగా మార్చుకోవడానికి ఇది మరో కారణం.

మొదటి మార్పిడి జరిగిన రెండు మూడు పనిదినాలకు ఈమెయిల్‌లో స్టేట్‌మెంట్ వస్తుంది. పథకం పేరులో Direct అన్న మాట ఉందా, సలహాదారు గడిలో ARN- తో మొదలయ్యే కోడ్ కాకుండా DIRECT అని ఉందా అన్న రెండు విషయాలు చూడండి. కొత్త సిప్ మొదటి వాయిదాకూ ఇదే తనిఖీ చేయండి. ఎక్కడైనా పాత కోడ్ కనిపిస్తే, ఆగకుండా ఫండ్ సంస్థ గ్రీవెన్స్ ఈమెయిల్‌కు ఫోలియో నంబరుతో రాయండి. ఇరవై ఒక్క రోజులైనా జవాబు రాకపోతే సెబీ వారి స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, దానికి రుసుము ఏమీ లేదు.